'ఓన్లీ' ఏ మాట పక్కన కూర్చోవాలి?

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రాత్రిపూట సర్వర్ ఆగిపోయింది. విషయం మేనేజరు దాకా ఎలా వెళ్లిందని మర్నాడు అమెరికా నుంచి క్లయింటు మెయిల్‌లో అడిగాడనుకుందాం. రాత్రి డ్యూటీలో ఉన్న ఇంజినీరు ఒక్క వాక్యంలో జవాబు రాశాడు: "ఐ ఓన్లీ ఇన్‌ఫామ్డ్ ద మేనేజర్."

అతని మనసులో ఉన్న వాక్యం "నేనే మేనేజరుకు చెప్పాను" అన్నది. బాధ్యత తీసుకుని, ముందుగా కబురు పెట్టింది తానేనని అతని ఉద్దేశం. అవతలివాడికి అందిన అర్థం వేరు. "నేను మేనేజరుకు చెప్పానంతే, అంతకు మించి ఏమీ చేయలేదు" అని అతను చదువుకుంటాడు. లేదా "మేనేజరుకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు" అని చదువుకుంటాడు. రెండింటిలో ఏది చదువుకున్నా, పని చేసినవాడు పని తప్పించుకున్నవాడిలా కనిపిస్తాడు. వ్యాకరణం పుస్తకం తిరగేస్తే ఈ వాక్యంలో తప్పు దొరకదు. కాలం సరిపోయింది, క్రియ సరిపోయింది, స్పెల్లింగ్ సరిపోయింది. కూర్చున్న చోటు ఒక్కటే కుదరలేదు.

ఆంగ్లంలో ఓన్లీ, ఈవెన్, ఆల్మోస్ట్ అనే మూడు చిన్న మాటలకు ఈ గుణం ఉంది. అవి వాక్యంలో దాదాపు ఎక్కడైనా ఒదుగుతాయి. ఒదిగిన ప్రతిచోటా వాక్యం వాక్యంలాగే ఉంటుంది, కానీ చెప్పే సంగతి మారిపోతుంది. తెలుగులో ఆలోచించి ఆంగ్లంలో రాసేవాళ్లకు ఈ మూడూ ఇంకాస్త ఎక్కువ చిక్కు తెచ్చిపెడతాయి. ఎందుకో చూడాలంటే ముందు మన భాష ఈ పనిని ఎలా చేస్తుందో చూడాలి.

తెలుగులో పరిమితి చెప్పే మాట, తాను పట్టుకోవలసిన మాట వెనకాలే వస్తుంది. "రవి మాత్రమే", "సోమవారం మాత్రమే", "రెండు రూపాయలు మాత్రమే". మాత్రమే అనగానే మన చెవి వెనక్కి తిరుగుతుంది, దానికి ముందున్న మాటను పట్టుకుంటుంది. ఆంగ్లంలో ఓన్లీ చాలావరకు ముందుకు చూస్తుంది. తన తర్వాత వచ్చే మాటల్లో ఒకదాన్ని పట్టుకుంటుంది. మన ఇంజినీరు "ఐ" తర్వాత "ఓన్లీ" పెట్టినప్పుడు అది "ఐ"ని పట్టుకుంటుందనుకున్నాడు. తెలుగు లెక్కన అది సరైనదే. కానీ క్రియకు ముందు కూర్చున్న ఓన్లీ వెనక్కి తిరిగి కర్తను పట్టుకోదు. అది "ఇన్‌ఫామ్డ్"నైనా పట్టుకుంటుంది, "మేనేజర్"నైనా పట్టుకుంటుంది, "ఐ"ని మాత్రం పట్టుకోదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. తెలుగులో "నేనే" అనడంలోని ఏత్వానికి రెండు పనులున్నాయి. "నేనే చెప్పాను" అన్నప్పుడు అది నొక్కి చెప్పడం. వ్యాకరణంలో దీన్నే అవధారణం అంటారు. "ఇక్కడే ఉన్నాడు", "రేపే వస్తాను", "అదే మాట" వంటివన్నీ ఈ కోవలోవి. "నువ్వొక్కడివే వచ్చావా?" అన్నప్పుడు మాత్రం ఆ ఏత్వం మిగతావాళ్లను బయటకు తోసేస్తుంది. ఓన్లీకి ఉన్న ప్రధానమైన పని ఈ రెండోది, బయటకు తోయడం. నొక్కి చెప్పే పని దానికి అప్పగిస్తే "హి ఈజ్ హియర్ ఓన్లీ", "ఐ యామ్ టెల్లింగ్ దట్ ఓన్లీ" వంటి వాక్యాలు పుడతాయి. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు వీటితో ఏ ఇబ్బందీ లేదు. భారతదేశమంతటా ఆంగ్లం మాట్లాడేవాళ్లు ఈ వాడుకను అర్థం చేసుకుంటారు. దాన్ని చిన్నచూపు చూడవలసిన పని లేదని నా అభిప్రాయం. ఎల్ల దాటి వెళ్లే ఉత్తరంలో, ఒప్పందంలో, దరఖాస్తులో మాత్రం అది వేరే అర్థాన్ని మోసుకెళ్తుంది.

అతను రాయవలసింది "ఐ మైసెల్ఫ్ ఇన్‌ఫామ్డ్ ద మేనేజర్" అని, లేదా "ఐ వాజ్ ద వన్ హూ ఇన్‌ఫామ్డ్ ద మేనేజర్" అని. "ఓన్లీ ఐ ఇన్‌ఫామ్డ్ ద మేనేజర్" అని రాసినా కుదరదు. అప్పుడు "నేనొక్కణ్నే చెప్పాను, మిగతావాళ్లెవరూ నోరు విప్పలేదు" అన్న ఫిర్యాదు వాసన వస్తుంది. నొక్కి చెప్పాలనుకున్న చోట ఓన్లీని పూర్తిగా పక్కన పెట్టడమే మేలు.

ఇప్పుడు ఓన్లీ తన అసలు పనిలో ఉన్నప్పుడు ఎలా జారిపోతుందో ఒక్క వాక్యం పట్టుకుని చూద్దాం. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఒక నోటీసు అంటించారనుకోండి: "విజిటర్స్ కెన్ ఓన్లీ పార్క్ కార్స్ ఇన్ ద సెల్లార్ ఆన్ సండేస్." బయటి నుంచి వచ్చేవాళ్లు, కార్లు, సెల్లార్, ఆదివారం. ఈ నోటీసు ఏం చెబుతోంది?

ఆదివారాల్లో మాత్రమే సెల్లార్‌లో పెట్టుకోవచ్చు, మిగతా రోజుల్లో కుదరదు అని ఒకరు చదువుకుంటారు. ఆదివారాల్లో సెల్లార్‌లో మాత్రమే పెట్టాలి, గేటు ముందు పెట్టకూడదు అని ఇంకొకరు చదువుకుంటారు. వీళ్లిద్దరూ శనివారం నాడు గొడవ పడతారు. మొదటి అర్థంలో శనివారం సెల్లార్ మూసేసినట్టే. రెండో అర్థంలో శనివారం గురించి నోటీసు ఏమీ అనలేదు. ఇక కార్లు మాత్రమే పెట్టాలి, వ్యాన్లు పెట్టకూడదు అనే అర్థం కూడా ఇదే వాక్యంలో ఉంది. కారు పెట్టుకోవడం వరకే, అక్కడే కడగడం కుదరదు అనే అర్థమూ ఉంది. ఓన్లీ క్రియకు ముందు నిలబడింది కాబట్టి దాని ముందున్న దారిలో కనిపించే ప్రతి మాటా దానికి అందుబాటులోదే. అందనిది ఒక్కటే, వెనకాల ఉండిపోయిన "విజిటర్స్". బయటివాళ్లు మాత్రమే పెట్టుకోవచ్చనే అర్థం కావాలంటే ఓన్లీ వాక్యం మొదట్లోకి రావాలి.

ఇదే నోటీసు నోటితో చెబితే గందరగోళం ఉండేది కాదు. వాచ్‌మన్ "సండేస్" అన్న మాటను కాస్త ఒత్తి పలికితే రోజు గురించి అని తెలుస్తుంది. "సెల్లార్"ను ఒత్తితే చోటు గురించి అని తెలుస్తుంది. ఓన్లీ ఉన్నచోటే ఉంటుంది, గొంతు దాన్ని సరైన మాటకు ముడివేస్తుంది. మాట్స్ రూత్ అనే భాషాశాస్త్రవేత్త 1985లో సమర్పించిన పరిశోధన గ్రంథం ఈ ముడి మీదనే. ఆయన చూపిన దారి మామూలు మాటల్లో ఇలా ఉంటుంది. మనం ఒక మాటను ఒత్తి పలికినప్పుడు దాని స్థానంలో రాగలిగిన ఇతర మాటల జాబితా ఒకటి వినేవాడి మనసులో మెదులుతుంది. "సండేస్" ఒత్తితే సోమ, మంగళ, బుధవారాలు మెదులుతాయి. ఓన్లీ ఆ జాబితా మీద పని చేస్తుంది. ఒత్తిన మాటను ఉంచి, తక్కినవన్నీ కొట్టేస్తుంది.

కాగితం మీద గొంతు ఉండదు. ఒత్తు చేసే పనిని చోటు చేయాలి. అందుకే రాతలో ఓన్లీని అది పట్టుకోవలసిన మాటకు సరిగ్గా ముందు పెట్టమంటారు. "విజిటర్స్ కెన్ పార్క్ కార్స్ ఇన్ ద సెల్లార్ ఓన్లీ ఆన్ సండేస్" అంటే రోజు. "ఓన్లీ ఇన్ ద సెల్లార్" అంటే చోటు. "ఓన్లీ కార్స్" అంటే బండి రకం. ఇంతకంటే సులభమైన సవరణ రాతలో మరొకటి లేదు. ఒక మాటను ఎత్తి నాలుగు మాటల అవతల పెట్టడమే.

అయితే దీన్ని ఉక్కు నియమంగా పట్టుకోనక్కర్లేదు. ఆంగ్ల వాడుక మీద 1926లో పెద్ద నిఘంటువు రాసిన హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ ఈ విషయంలో ఉదారంగానే ఉన్నాడు. అపార్థానికి అవకాశం లేనప్పుడు ఓన్లీని సహజంగా వచ్చే చోట, అంటే క్రియకు ముందు, ఉండనివ్వమన్నాడు. అలాంటి చోట కూడా దాన్ని లాగి వేరే చోట కూర్చోబెట్టేవాళ్లను ఛాందసులుగా చూశాడు. "ఐ ఓన్లీ హ్యావ్ టెన్ రుపీస్" అంటే జేబులో పదే ఉన్నాయని ఎవరికైనా తెలుస్తుంది. "హ్యావ్"ను పట్టుకుని ఎవరూ వేరే అర్థం తీయరు. ఆ వాక్యాన్ని దిద్దడం వల్ల చదివేవాడికి ఒరిగేదేమీ లేదు. ఫౌలర్ మాటతో నేను ఏకీభవిస్తాను. కానీ నోటీసు, నిబంధన, మందు చీటీ, ఒప్పందం రాసేటప్పుడు ఆ ఉదారత పనికిరాదు. అక్కడ చదివేవాడు స్నేహితుడు కాకపోవచ్చు. తనకు అనుకూలమైన అర్థం కోసం వెతికేవాడు కావచ్చు.

వాక్యం చివర, ఒక మాట వెనకాల నిలబడే ఓన్లీ కూడా ఉంది. "ఫర్ మెంబర్స్ ఓన్లీ", "లేడీస్ ఓన్లీ" లాంటివి. ఇక్కడ మాత్రం అది తెలుగు మాత్రమే లాగా వెనక్కి చూస్తుంది. బ్యాంకు చెక్కు మీద మనం రాసే "రుపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ" ఇలాంటిదే. తెలుగు దస్తావేజులో "అక్షరాలా ఐదు వేల రూపాయలు మాత్రమే" అని రాస్తాం. అక్కడ దాని పని అర్థం చెప్పడం కంటే కాపలా కాయడం. అంకె తర్వాత ఖాళీ వదిలితే ఎవరైనా మరో మాట చేర్చవచ్చు, మాత్రమే ఆ తలుపు మూసేస్తుంది.

తెలుగులో ఈ మాటలు వెనకాలే వస్తాయి కాబట్టి మనకు పొరపాటే రాదని అనుకోకూడదు. ఆర్టీసీ బస్సు సీటు మీద రాయడానికి రెండు వాక్యాలు అనుకోండి. "స్త్రీలు మాత్రమే ఈ సీట్లలో కూర్చోవాలి." "స్త్రీలు ఈ సీట్లలో మాత్రమే కూర్చోవాలి." మొదటిది స్త్రీలకు సీట్లు కేటాయిస్తోంది. రెండోది మిగతా బస్సంతా వాళ్లకు నిషేధిస్తోంది. మాత్రమే రెండు మాటలు జరిగింది, సదుపాయం కాస్తా ఆంక్ష అయిపోయింది. బస్సుల్లో "స్త్రీలకు మాత్రమే" అని రెండు మాటల్లో ముగించడం తెలివైన పని. జారడానికి అందులో చోటే లేదు.

తెలుగులో మాత్రమే కంటే ప్రమాదకరమైనది మాత్రం. "అందరూ వెళ్లారు, నేను మాత్రం వెళ్లలేదు" అన్నప్పుడు మాత్రం పని వేరు, అది ఒకరిని మిగతావారికి ఎదురుగా నిలబెడుతుంది. "నేను మాత్రం రేపు వస్తాను" అంటే మీ సంగతి నాకు తెలియదు, నా సంగతి ఇది అని. "నేను మాత్రమే రేపు వస్తాను" అంటే ఇంకెవరూ రారని హామీ. మొదటి వాక్యం మిగతావాళ్ల గురించి ఏమీ తేల్చదు, రెండోది తేల్చేస్తుంది. రాసినవాళ్లు మొదటి అర్థంతో రెండో మాట వాడడం ఈమధ్య తరచుగా చూస్తున్నాను. "కేవలం పది మంది మాత్రమే" అని రెండు వైపులా బిగించడం కూడా ఎక్కువైంది. కేవలం ఉంటే మాత్రమే అక్కర్లేదు, మాత్రమే ఉంటే కేవలం అక్కర్లేదు. రెండూ పెట్టినా అర్థం చెడదు కాబట్టి దీని మీద ఎక్కువ పట్టుబట్టను.

ఇక ఈవెన్. దీని స్వభావం ఓన్లీకి ఎదురు. ఓన్లీ మిగతావాటిని బయటకు తోస్తుంది, ఈవెన్ లోపలికి పిలుస్తుంది. "ఈవెన్ రవి పాస్డ్ ద ఎగ్జామ్" అంటే రవి పాసయ్యాడు, మిగతావాళ్లూ పాసయ్యారు. దాంతోపాటు, రవి పాసవుతాడని ఎవరూ అనుకోలేదు. ఈ మూడో సంగతి వాక్యంలో ఎక్కడా రాసి లేదు, కానీ చదివేవాడు దాన్ని నిజమనుకునే ముందుకు సాగుతాడు. ఓన్లీ, ఈవెన్ అనే ఈ రెండు మాటలు చెప్పకుండానే ఏమేం చెబుతాయో లారెన్స్ హార్న్ 1969లో ఒక వ్యాసంలో విడమరిచాడు. భాషాశాస్త్రంలో ఆ వ్యాసాన్ని నేటికీ ప్రస్తావిస్తారు.

రాసేవాడు గుర్తుపెట్టుకోవలసిందల్లా ఆ మూడో సంగతే. ఈవెన్ ఏ మాటను పట్టుకుంటే ఆ మాట "ఊహించనిది" అవుతుంది. ఒక ఉపాధ్యాయురాలు తన విద్యార్థిని గురించి సిఫార్సు ఉత్తరం రాస్తున్నారనుకోండి. "షి ఈవెన్ హెల్ప్‌డ్ ద జూనియర్స్ విత్ మ్యాథ్స్" అంటే తన చదువు చదువుకోవడమే కాక, సాయం చేయడం దాకా వెళ్లిందని. అది మెప్పు. ఈవెన్‌ను ఒక్క మాట వెనక్కి జరిపితే "ఈవెన్ షి హెల్ప్‌డ్ ద జూనియర్స్" అవుతుంది. ఆమెలాంటిది కూడా సాయం చేసిందంటే ఆశ్చర్యమే అని దాని అర్థం. మెప్పు కాస్తా దెప్పు అయింది. "హెల్ప్‌డ్ ఈవెన్ ద జూనియర్స్" అంటే జూనియర్లకు సాయం చేయడం వింత. "ఈవెన్ విత్ మ్యాథ్స్" అంటే ఆమెకు లెక్కలు రావనుకున్నాం, వచ్చాయి. నాలుగు చోట్లలో ఒక్కటే ఆ ఉత్తరానికి పనికొస్తుంది.

ఇక్కడా తెలుగు నీడ పడుతుంది. మన కూడా అనే మాట రెండు పనులు చేస్తుంది. "నేను కూడా గుంటూరు నుంచే" అంటే "మీలాగే నేనూ" అని మాత్రమే. "ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు", "దేవుడు కూడా కాపాడలేడు" అన్నప్పుడు అది ఊహించనిదాన్ని చూపుతుంది. మొదటి దానికి ఆంగ్లంలో "ఆల్సో" లేదా "టూ" సరిపోతాయి, రెండోదానికి ఈవెన్ కావాలి. కూడా అంటే ఈవెన్ అని ఒక్కటిగా గుర్తుపెట్టుకున్నవాళ్లు "ఈవెన్ ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు" అంటారు. బయటి దేశపు శ్రోతకు అది వింతగా వినిపిస్తుంది. గుంటూరు నుంచి రావడానికి ఈయనకేం అడ్డం, ఎందుకు ఊహించకూడదు అని ఆలోచిస్తాడు. "ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు టూ" అంటే చాలు. ఉద్యోగం ఇంటర్వ్యూలో "ఈవెన్ ఐ నో జావా" అంటే నష్టం ఇంకొంచెం ఎక్కువ. నాలాంటివాడికి కూడా జావా వచ్చు అని తనను తాను తగ్గించుకున్నట్టవుతుంది.

ఊహించనిదని తెలుగులో స్పష్టంగా చెప్పాలనుకుంటే సైతం అనే మాట ఉంది. "ప్రత్యర్థులు సైతం మెచ్చుకున్నారు" అంటే అపార్థానికి తావు లేదు. మామూలు చేర్పుకు "ప్రత్యర్థులూ మెచ్చుకున్నారు" అని దీర్ఘం తీస్తే సరిపోతుంది. కూడా ఈ రెంటికీ మధ్య ఉంటుంది, సందర్భమే దాన్ని ఇటో అటో తిప్పాలి. రాసేటప్పుడు సందేహం వస్తే కూడా తీసేసి సైతం పెట్టి చూడండి. వాక్యం నిలబడితే మీ మనసులో ఉన్నది ఈవెన్. వాక్యం ఎబ్బెట్టుగా తోస్తే మీకు కావలసింది ఆల్సో.

ఆల్మోస్ట్ దగ్గరికి వచ్చేసరికి డబ్బు, పని, లెక్క ముందుకొస్తాయి. "ఐ ఆల్మోస్ట్ లాస్ట్ ఆల్ మై మనీ" అన్నవాడి డబ్బు భద్రంగా ఉండవచ్చు. పోయే ప్రమాదం వచ్చింది, తప్పింది. "ఐ లాస్ట్ ఆల్మోస్ట్ ఆల్ మై మనీ" అన్నవాడి దగ్గర కొద్దిగానే మిగిలింది. రెండు వాక్యాల్లో మాటలు అవే. మొదటిదాంట్లో ఆల్మోస్ట్ పోవడం అనే క్రియను పట్టుకుంది, కాబట్టి ఆ పని జరగలేదు. రెండోదాంట్లో మొత్తం అనే మాటను పట్టుకుంది, కాబట్టి పని జరిగింది, మొత్తం మాత్రం కాలేదు.

ఐటీ ఉద్యోగులు వారానికోసారి పంపే పని నివేదికలో ఇది ఎలా ఉంటుందో చూడండి. "వి ఆల్మోస్ట్ టెస్టెడ్ ఆల్ ద మాడ్యూల్స్." రాసినవాడి దృష్టిలో పది మాడ్యూళ్లలో తొమ్మిది పూర్తయ్యాయి. వాక్యం మాత్రం, అన్నీ పరీక్షించబోయాం కానీ కుదరలేదు అని చదువుకోవడానికీ వీలిస్తోంది. ఇంకో రకంగా, పదింటినీ మొదలుపెట్టాం, ఏదీ పూర్తిగా ముగియలేదు అని కూడా చదవవచ్చు. ఈ మూడు పరిస్థితుల్లో పై అధికారి తీసుకునే నిర్ణయం ఒకటి కాదు. తొమ్మిది అయిపోతే ఒక రోజు గడువు చాలు. ఏదీ ముగియకపోతే ఎంత గడువు కావాలో చెప్పలేం. "వి టెస్టెడ్ ఆల్మోస్ట్ ఆల్ ద మాడ్యూల్స్" అని మార్చితే మొదటి అర్థం ఒక్కటే మిగులుతుంది. "పదిలో తొమ్మిది" అని అంకె రాస్తే ఇంకా మంచిది. ఆల్మోస్ట్‌ను సరైన చోట పెట్టడం కంటే, దాని అవసరమే లేకుండా చేయగలిగిన చోట అలా చేయడం మెరుగు.

జరగబోయి ఆగిపోయిన పనిని తెలుగు చెప్పే తీరు నాకు చాలా ఇష్టం. మనం దానికి వేరే మాట తగిలించం, క్రియనే మార్చేస్తాం. "పడబోయాడు", "పడినంత పనైంది", "కొద్దిలో తప్పింది". ఇందులో పడ్డాడా లేదా అన్న సందేహానికి చోటు లేదు. దాదాపు అనే మాటను మాత్రం లెక్కల కోసం, మొత్తాల కోసం వాడుకుంటాం: "దాదాపు అందరూ", "దాదాపు సగం". ఆంగ్లంలో ఒకే ఆల్మోస్ట్ చేసే రెండు పనులను తెలుగు ఇలా రెండు చోట్లకు పంచింది. ఇప్పుడు వార్తల్లో "దాదాపు మునిగిపోయిన పడవ" లాంటి ప్రయోగాలు వస్తున్నాయి. పడవ మునగబోయిందా, అంచు మాత్రమే పైకి కనిపించేటంతగా మునిగిందా? ఆంగ్లంలోని చిక్కును మనం ఏరికోరి ఇంటికి తెచ్చుకుంటున్నాం. "మునగబోయిన పడవ" అనో, "చాలావరకు మునిగిన పడవ" అనో రాయడానికి మన భాషలో వసతి ఉంది.

లెక్కల విషయంలో ఇంకో తేడా ఉంది. ఆంగ్లంలో "ఆల్మోస్ట్ ఫైవ్ హండ్రెడ్ పీపుల్" అంటే 500 కంటే తక్కువ. 490 కావచ్చు, 495 కావచ్చు, 510 మాత్రం కాదు. తెలుగులో దాదాపు 500 అని రాసినప్పుడు చాలామంది సుమారు అనే అర్థంలోనే రాస్తారు, అటూ ఇటూ ఎంతైనా ఉండవచ్చు. తెలుగు వార్తను ఆంగ్లంలోకి మార్చేవాళ్లు దాదాపు కనిపించగానే ఆల్మోస్ట్ పెడితే, రాసినవాడు చెప్పని సంగతి ఒకటి చేరుతుంది. అసలు సంఖ్య తెలియనప్పుడు "అబౌట్" పెట్టాలి. ఆ సంఖ్యను చేరలేదని నిశ్చయంగా తెలిసినప్పుడే ఆల్మోస్ట్.

రాసింది దిద్దుకునేటప్పుడు ఈ మూడు మాటల దగ్గర ఆగి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఓన్లీ లేదా మాత్రమే కనిపిస్తే, దేన్ని బయట పెడుతున్నాను అని అడగాలి. "ఆదివారం మాత్రమే, సోమవారం కాదు" అని తోక తగిలించి చూడాలి. ఆ "కాదు" అన్న మాటకు జత ఏదో అదే ఓన్లీ పట్టుకోవలసిన మాట. ఈవెన్ కనిపిస్తే, ఇందులో ఊహించనిది ఏది అని అడగాలి. జవాబు రాకపోతే ఈవెన్ అక్కడ ఉండకూడదు. ఆల్మోస్ట్ కనిపిస్తే, పని జరిగిందా లేదా అని అడగాలి. జరిగి ఉంటే ఆల్మోస్ట్ క్రియకు ముందు ఉండకూడదు.

కొన్ని వాక్యాలను ఎంత జరిపినా దారికి రావు. "ఓన్లీ ద మేనేజర్ కెన్ అప్రూవ్ ఓన్లీ అర్జెంట్ లీవ్" లాంటి చోట రెండు పరిమితులు ఒకదానికొకటి అడ్డుపడతాయి. మాత్రమే రెండుసార్లు వచ్చిన తెలుగు వాక్యమూ అంతే. అప్పుడు జరపడం మానేసి వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టాలి. అత్యవసర సెలవును మేనేజరే మంజూరు చేస్తారు. మిగతా సెలవులు ఆయన పరిధిలోకి రావు. ఒక వాక్యం ఎక్కువైతే ఎవరికీ నష్టం లేదు.

సందేహం తీరకపోతే మీ వాక్యాన్ని పక్కవారి చేతికిచ్చి, గట్టిగా చదవమనండి. మీరు పక్కనే కూర్చుని ఏ మాటను ఒత్తుతారో వినండి. మీరు అనుకున్న మాటను కాక వేరే మాటను ఒత్తితే, వాళ్ల చదువు మీద నెపం వేయకండి. మాటను జరపండి.